నొప్పి కంటే ముందు చదవాల్సిన కార్డు

పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో, నీళ్ల కుళాయి పక్కన గోడకు ఒక కార్డు వేలాడుతూ ఉంటుంది. ఒకే ఒక్క ఏ4 కాగితం. తడి తగిలినా పాడవకుండా లామినేషన్ చేయించారు. దాని కింద చిన్న ప్లాస్టిక్ పెట్టె, అందులో రెండు జెల్ ట్యూబులు, ఒక జత కొత్త గ్లౌజులు. కార్డు వెనక క్లిప్పుకు పదకొండు పేజీల ఇంగ్లీషు కాగితాలు ఉంటాయి. కార్డు పుట్టింది ఆ పదకొండు పేజీల్లోంచే.

ఆ పేజీలు పిక్లింగ్ పేస్టు తాలూకు సేఫ్టీ డేటా షీటు. షెడ్డుల్లో అందరూ దాన్ని ఇప్పటికీ ఎంఎస్‌డీఎస్ అనే అంటారు. మందుల కంపెనీలకు స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్లు, ట్యాంకులు చేసే చోట ఈ పేస్టు లేకుండా పని ముగియదు. వెల్డింగ్ చేసిన చోట అతుకు పక్కన నీలం, గోధుమ రంగు చారలు మిగులుతాయి. వేడికి అక్కడి పైపొర దెబ్బతిన్నదని, అలాగే వదిలేస్తే ముందు తుప్పు పట్టేది అక్కడేనని దాని అర్థం. బ్రష్‌తో పేస్టు పూసి, కాసేపు ఉంచి, నీళ్లతో కడిగేస్తే చారలు పోయి స్టీలు తెల్లగా తేలుతుంది. తెల్లగా, చిక్కగా, గోడకు వేసే పుట్టీలా కనిపించే ఆ పేస్టులో రెండు యాసిడ్లున్నాయి. ఈ డబ్బా షీటు ప్రకారం నైట్రిక్ యాసిడ్ 20 నుంచి 25 శాతం, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ 3 నుంచి 7 శాతం.

కార్డు రాసింది ఆ షెడ్డు సేఫ్టీ ఆఫీసరు. ముప్పై దాటిన అమ్మాయి, కెమిస్ట్రీ చదివింది. తన పేరు రాయొద్దంది కాబట్టి రాయడం లేదు. షీటును ఆమె ఎలా చదివిందో, ఏది తీసుకుని ఏది వదిలిందో పక్కన కూర్చుని అడిగి తెలుసుకున్నాను. ఆ పని ఎంత నిదానమైనదో చెప్పాలనిపించింది.

సేఫ్టీ డేటా షీటుకు పదహారు భాగాలుంటాయి. ఐక్యరాజ్యసమితి 2003లో ప్రచురించిన జీహెచ్ఎస్ పద్ధతి ప్రకారం ఏ దేశంలో రాసినా వరుస ఒకటే: రెండో భాగంలో ప్రమాదాలు, మూడులో పదార్థాలు, నాలుగులో ప్రథమ చికిత్స, ఆరులో ఒలికితే చేయాల్సింది, ఎనిమిదిలో రక్షణ సామగ్రి, పదకొండులో విష ప్రభావం. మన దేశంలోనూ ప్రమాదకర రసాయనాలకు ఇలాంటి షీటు ఉండాలని 1989 నాటి నియమాలు చెబుతున్నాయి. అయితే ఈ వరుస కాగితానికి అనువుగా ఏర్పడింది. చెయ్యి మీద పేస్టు పడ్డ మనిషికి ఇది పనికిరాదు. పడిన చుక్క ఏమిటో మూడో భాగంలో, అది చేసే పని పదకొండో భాగంలో, విరుగుడు నాలుగో భాగంలో, దాన్ని ఆపగలిగే గ్లౌజు ఎనిమిదో భాగంలో ఉంటాయి. నాలుగూ కలిపి చూస్తేనే విషయం బోధపడుతుంది.

అందుకే ఆమె మొదట మూడో భాగం తీసింది. అక్కడి పేర్లను నమ్మలేదు, వాటి పక్కనున్న సీఏఎస్ నంబర్లు చూసింది. పేర్లు కంపెనీకొకలా రాస్తారు, నంబరు మాత్రం మారదు. 7697-37-2 నైట్రిక్ యాసిడ్, 7664-39-3 హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. రెండో నంబరు కనిపించగానే మిగతా షీటంతా ఆ ఒక్కదాని కోసమే చదవాలని ఆమెకు అర్థమైంది. శాతం లెక్కన చూస్తే నైట్రిక్ ఎక్కువ, పేరూ పెద్దది. కాని మనిషిని ఆస్పత్రి పాలు చేసేది ఆ కొద్ది శాతమే.

తరువాత రెండో భాగం. అందులో H314 అని, H310 అని కోడ్‌లున్నాయి. మొదటిదానికి చర్మాన్ని తీవ్రంగా కాలుస్తుందని, రెండోదానికి చర్మానికి తగిలితే ప్రాణం పోవచ్చని అర్థం. యాసిడ్ కాలుస్తుందని ఏ వెల్డర్‌కీ చెప్పనక్కర్లేదు. చర్మానికి తగిలితే ప్రాణం ఎలా పోతుందన్న ప్రశ్నకు మాత్రం రెండో భాగంలో జవాబు లేదు. పదకొండో భాగం దాకా వెళ్లాలి.

అక్కడ ఇలా ఉంది: ఫ్లోరైడ్ చర్మం గుండా లోపలికి దిగుతుంది, శరీరంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది, లక్షణాలు ఆలస్యంగా కనిపించవచ్చు. ఆమె పెన్సిల్‌తో గీత గీసిన వాక్యం ఇదొక్కటే. కారణం తెలుసుకుంటే ఆ గీత ఎందుకో తెలుస్తుంది. గంధకామ్లం లాంటి బలమైన యాసిడ్ చర్మం పైపొరనే కాల్చేసి, ఆ మంటతోనే మనిషిని కుళాయి దగ్గరికి పరుగెత్తిస్తుంది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ రసాయన లెక్కన బలహీనమైనది, నీటిలో పూర్తిగా విడిపోదు. విడిపోని ఆ అణువులు పెద్దగా సద్దు చేయకుండా చర్మం దాటి కండలోకి, ఎముక దాకా పోతాయి. అక్కడ విడివడిన ఫ్లోరైడ్ దొరికిన కాల్షియాన్నల్లా కట్టేస్తుంది. గుండె లయ తప్పకుండా కొట్టుకోవాలంటే రక్తంలో కాల్షియం కావాలి. అది పడిపోతే గుండె తడబడుతుంది. నల్లగొండ నీళ్ల కథ తెలిసినవాళ్లకు ఫ్లోరైడ్‌కూ ఎముకకూ ఉన్న సంబంధం కొత్త కాదు. అక్కడ ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా జరిగేది వేరు. ఇక్కడ అంతా గంటల్లో జరుగుతుంది.

ఇక నొప్పి సంగతి. ఈ యాసిడ్ యాభై శాతం దాటి ఉంటే తగిలిన వెంటనే మండుతుంది. ఇరవై నుంచి యాభై మధ్య ఉంటే ఒక గంట నుంచి ఎనిమిది గంటలు పట్టవచ్చు. ఇరవై లోపు ఉంటే ఇరవై నాలుగు గంటల దాకా తెలియకపోవచ్చు. మన పేస్టు ఈ చివరి కోవలోది. అందులోని నైట్రిక్ వల్ల మొదట కాస్త చురుక్కుమంటుంది, చర్మం మీద పసుపు మరక పడుతుంది, కడిగితే చురుకు తగ్గుతుంది. "పోయిందిలే" అనుకునేది అప్పుడే. అసలు నొప్పి ఇంకా రాలేదు.

ఆమె దీన్ని పుస్తకంలో చదివి ఊరుకోలేదు. ఇంతకు ముందు పనిచేసిన మరో చోట కళ్లారా చూసింది. ఒక హెల్పరు కుర్రాడు మధ్యాహ్నం గ్లౌజులో చిన్న చిల్లు ఉన్న సంగతి తెలియక పేస్టు పూశాడు. చూపుడు వేలు గోరు కింద తడి తగిలింది. నీళ్లతో కడుక్కుని సాయంత్రం దాకా పనిచేసి గదికి వెళ్లిపోయాడు. అర్ధరాత్రి వేలిలో ఎవరో సుత్తితో కొడుతున్నట్టు నొప్పి లేచింది. దగ్గరలోని క్లినిక్కులో "యాసిడ్ పడింది" అన్నాడు. కాలిన గాయానికి రాసే మందు, నొప్పి మాత్రలు ఇచ్చి పంపారు. తెల్లారేసరికి వేలి కొన తెల్లబడి, గట్టిపడి ఉంది. ఆ చోట షీటు ఉంది. నాలుగో భాగంలో విరుగుడు పేరు కూడా ఉంది. కాని షీటు ఆఫీసు బీరువాలో ఉంది, కుర్రాడికి తెలిసిన మాట "యాసిడ్" ఒక్కటే.

ఇప్పుడు కార్డు చూద్దాం. పైన పెద్ద అక్షరాల్లో ఇలా ఉంటుంది:

"పిక్లింగ్ పేస్టు. నొప్పి లేకపోయినా లోపల పని చేస్తుంది.
చుక్క పడితే అప్పుడే కడుగు, అప్పుడే జెల్ రాయి, అప్పుడే చెప్పు.
నొప్పి వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే."

రెండో భాగంలోని H310, పదకొండో భాగంలోని ఆలస్యం, నాలుగో భాగంలోని విరుగుడు ఈ మూడు వరసల్లో కలిసిపోయాయి. ఇందులో "విషపూరితమైన", "తినివేయు గుణం గల" లాంటి మాటలు లేవు. సప్లయరు ఇచ్చిన తెలుగు కాగితంలో అవన్నీ ఉన్నాయి, "తగిన వ్యక్తిగత రక్షణ పరికరములను ధరించవలెను" అని కూడా ఉంది. తగినది ఏదో చెప్పని వాక్యం పనివాడికి ఎందుకూ పనికిరాదు. ఎనిమిదో భాగంలో గ్లౌజు ఏ రబ్బరుదో, ఎంత మందమో, యాసిడ్ దాన్ని దాటడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో రాసి ఉంటుంది. ఆమె స్టోర్‌కు వెళ్లి, అక్కడున్న నాలుగు రకాల గ్లౌజులు బల్ల మీద పరిచి, ఆ వివరాలతో ఒక్కొక్కటీ పోల్చింది. కార్డు రెండో భాగం ఆ బల్ల మీద తయారైంది:

"చేతులకు: మోచేతి దాకా వచ్చే మందపాటి నల్ల నియోప్రీన్ గ్లౌజులు. లెదర్ వెల్డింగ్ గ్లౌజులు వద్దు. పల్చటి నీలం గ్లౌజులు వద్దు.
తొడిగే ముందు: గాలి నింపి మూతి బిగించి బకెట్ నీళ్లలో ముంచు. బుడగ వస్తే కత్తిరించి పారేయ్.
ముఖానికి: ముందు గాగుల్స్, దాని మీద ఫేస్ షీల్డు. ఒకటి చాలదు.
ఒంటికి: రబ్బరు ఏప్రాను, గమ్ బూట్లు. ప్యాంటు బూటు బయటికి ఉండాలి, లోపలికి దోపొద్దు.
గాలి: షట్టరు తెరిచి, ఫ్యాను వీపు వైపు పెట్టుకో. గోధుమ రంగు పొగ వస్తే పక్కకు రా. ట్యాంకు లోపల పూయాలంటే నన్ను పిలవకుండా దిగొద్దు."

వద్దన్న రెండు గ్లౌజుల పేర్లు షీటులో ఎక్కడా లేవు. వెల్డరు చేతికి అలవాటైనది లెదర్. అది పేస్టును పీల్చుకుని చర్మానికి ఆనించి ఉంచుతుంది, కాబట్టి ఒట్టి చేతికన్నా అదే ప్రమాదం కావచ్చు. పల్చటి నీలం గ్లౌజులు ఆ షెడ్డులో పెయింటింగ్ పనికి వాడతారు. తొందరలో చెయ్యి దేని మీదకి పోతుందో తెలిసిన మనిషే ఆ వాక్యం రాయగలదు. కత్తిరించమనడంలోనూ ఆలోచన ఉంది. చిల్లు పడ్డ గ్లౌజును ఊరికే పారేస్తే మరొకరు ఏరి తొడుక్కుంటారు. ప్యాంటు లోపలికి దోపితే కారిన చుక్క బూటులోకి జారి సాయంత్రం దాకా పాదం కింద ఉండిపోతుంది. ఇలా ప్రతి వాక్యం వెనకా ఆ షెడ్డులో జరగగలిగిన ఒక పొరపాటు కనిపిస్తుంది.

గాలి విషయంలో షీటు పీపీఎంలలో హద్దులు చెబుతుంది. ఆ షెడ్డులో పీపీఎం కొలిచే మీటరు లేదు. ఆమె ఆ అంకెను కార్డులోకి తేలేదు, కంటికి కనిపించే గుర్తును తెచ్చింది. నైట్రిక్ యాసిడ్ లోహంతో కలిస్తే నైట్రోజన్ డయాక్సైడ్ గోధుమ రంగు పొగగా లేస్తుంది. పొగ కనిపించకపోతే గాలి బాగుందని అర్థం కాదు. ఆ మాట ట్రైనింగులో చెబుతానని, కార్డులో మాత్రం చేయాల్సిన పని ఉండాలని ఆమె అంది.

కార్డు మూడో భాగం ప్రథమ చికిత్స. అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది దీనికే. షీటు నాలుగో భాగంలో "నీళ్లతో కడగాలి" అని ఒకచోట, "కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాయాలి" అని మరోచోట, డాక్టర్‌కు సూచనలు ఇంకోచోట ఉన్నాయి. మామూలు యాసిడ్లకు పదిహేను నిమిషాలు కడగమని అందరికీ నేర్పుతారు. ఇక్కడ జెల్ చేతికి అందే దూరంలో ఉంటే ఐదు నిమిషాలు బాగా కడిగి వెంటనే జెల్‌కు మారాలి, ఎందుకంటే నీళ్లు పైనున్న యాసిడ్‌నే కడుగుతాయి, లోపలికి దిగుతున్న ఫ్లోరైడ్‌ను అందుకోలేవు. ఈ తేడాను ఆమె తనంతట తాను తేల్చలేదు. సప్లయరును రాతపూర్వకంగా అడిగింది, ఫ్యాక్టరీకి వచ్చే డాక్టర్‌తో మాట్లాడింది, ఆ తరువాతే అంకె వేసింది.

"చర్మం మీద పడితే:
1. కుళాయి తిప్పు. నీళ్ల కిందే బట్టలు, గ్లౌజులు, వాచీ తీసేయ్. పేస్టు జిగురు, పూర్తిగా పోయేలా కడుగు. 5 నిమిషాలు.
2. సాయం చేసేవాడు కొత్త గ్లౌజులు తొడిగి, పెట్టెలోని జెల్ మందంగా రాసి రుద్దాలి. ఆపకుండా రుద్దుతూ, మళ్లీ మళ్లీ రాస్తూ ఉండాలి.
3. వేళ్లకు తగిలితే కొత్త గ్లౌజులో జెల్ పిండి, చెయ్యి అందులో పెట్టు.
4. జెల్ రాస్తూనే ఆస్పత్రికి. నొప్పి లేదని ఇంటికి పోవద్దు. ఈ కార్డు తీసుకుపో.
జెల్ దొరక్కపోతే: ఆస్పత్రికి బండి వచ్చేదాకా కడుగుతూనే ఉండు.

కంట్లో పడితే: రెప్పలు తెరిచి పట్టుకుని 15 నిమిషాలు నీళ్లు. జెల్ కంట్లో పెట్టొద్దు. ఆస్పత్రి.
పొగ పీలిస్తే: బయటి గాలికి తీసుకురా, కూర్చోబెట్టు. ఇప్పుడు బాగున్నా ఆస్పత్రి. ఊపిరి ఇబ్బంది రెండు రోజుల లోపు ఎప్పుడైనా రావచ్చు.
నోట్లోకి పోతే: నోరు పుక్కిలించు. తెలివిలో ఉంటే నీళ్లో పాలో తాగించు. వాంతి చేయించొద్దు. ఆస్పత్రి."

సాయం చేసేవాడి గ్లౌజులు ప్రత్యేకంగా రాసి ఉండటం నాకు బాగా నచ్చింది. రుద్దే వేళ్లకు కూడా ఆ పేస్టు అంటుతుంది, అప్పుడు ఇద్దరు రోగులు తయారవుతారు. పెట్టెలో ఉన్న ఆ ఒక జత గ్లౌజులు ఎందుకో అప్పుడు అర్థమైంది. గ్లౌజులో జెల్ పిండి చెయ్యి పెట్టించడం ఆస్పత్రుల్లో చేసే పద్ధతే. వేళ్ల సందుల్లో, గోరు చుట్టూ మందు ఆని ఉండేలా అంతకంటే సులువైన దారి లేదు.

ఆ జెల్ చేసే పని కూడా సూటిగా ఉంటుంది. రెండున్నర శాతం కాల్షియం గ్లూకోనేట్ ఉన్న జెల్ అది. ఒంట్లో కాల్షియం కోసం వెతుకుతున్న ఫ్లోరైడ్‌కు మనమే బయటి నుంచి కాల్షియం అందిస్తాం. రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది. అది నీటిలో దాదాపు కరగదు, కాబట్టి అక్కడితో ఆగిపోతుంది. నొప్పి తగ్గడం ఫ్లోరైడ్ కట్టుబడిందనడానికి గుర్తు. తగ్గిన తరువాత కూడా మరో పదిహేను నిమిషాలు రుద్దాలని అందుకే చెబుతారు.

కార్డు వెనక వైపు డాక్టర్ కోసం రాసింది. ఆ కుర్రాడి వేలు గుర్తున్నందుకే ఈ వైపు పుట్టింది. మందులు అమ్మే మారుమూల క్లినిక్కులో ఎవరున్నా చదవగలిగేలా మొదటి వాక్యంలోనే "ఇది మామూలు యాసిడ్ గాయం కాదు, HF" అని ఉంది. తరువాత శాతం, తగిలిన సమయం రాయడానికి ఖాళీ, రక్తంలో కాల్షియం, ఈసీజీ చూడమన్న విన్నపం. మత్తు సూదితో నొప్పిని ముందే చంపేస్తే మందు పనిచేస్తోందో లేదో తెలుసుకునే దారి మూసుకుపోతుందన్న హెచ్చరిక. ఈ చివరి రెండూ షీటులోని "వైద్యుడికి సూచనలు" నుంచి తీసుకున్నవే. షెడ్డులో దాదాపు ఎవరూ చదవని ఆ పేరాను ఆమె చదవాల్సిన మనిషి చేతికే చేర్చింది.

ఒలికిన పేస్టు గురించి కార్డు అడుగున రెండు వరసలే ఉన్నాయి. "ఇసుక పోయొద్దు. సున్నం చల్లు. సున్నం నేలకే, ఒంటికి కాదు." షెడ్డులో ఏది ఒలికినా చెయ్యి ఎర్ర బకెట్లోని ఇసుక మీదకే పోతుంది. ఇసుక సిలికా. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గాజును తినేసేదీ సిలికా వల్లే. ఆ రెండూ కలిస్తే సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది. సున్నంలో ఉన్నది కాల్షియమే కాబట్టి, జెల్ ఒంట్లో చేసే పనినే అది నేల మీద చేస్తుంది. సున్నం, జెల్ ఒకే సూత్రం మీద నడుస్తాయని తెలిసిన పనివాడు ఎవరైనా తెలివిగా సున్నాన్నే చేతికి పూసుకోబోతాడేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. సున్నం తానే చర్మాన్ని కాలుస్తుంది. మూడో వాక్యం ఆ అనుమానం నుంచి వచ్చింది.

రాసిన తరువాత ఆమె కార్డును పరీక్షకు పెట్టింది. సీనియర్ వెల్డరును పిలిచి, కార్డు చూపించకుండా, తడి గుడ్డతో అతని మణికట్టు తాకి అడిగింది: "అన్నా, ఇది పేస్టు అనుకో. ఏం చేస్తవ్?" "కుళాయి తిప్పుత మేడమ్." "తర్వాత?" "కడుగుత, బాగా కడుగుత." "తర్వాత?" అతను ఆలోచించాడు. "మండకపోతే పనిలో పడత." మొదటి ప్రతిలో "నొప్పి లేకపోయినా" అన్న మాట నాలుగో వరసలో ఉండేది. ఆ రోజు అది శీర్షికలోకి ఎక్కింది. వారం తరువాత అదే ప్రశ్నకు అతని చెయ్యి తనకు తానే పెట్టె మీదకు వెళ్లింది. ఒడిశా, బీహార్ కుర్రాళ్ల కోసం హిందీ ప్రతి కూడా అదే పద్ధతిలో పరీక్షించి పెట్టింది.

ఈ కార్డుకు హద్దులున్నాయి, వాటిని కార్డే చెబుతుంది. ఇది ఈ డబ్బాకే. బ్రాండు మారినా, పేస్టు బదులు స్ప్రే తెచ్చినా శాతాలు మారతాయి. చిక్కటి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌కు ఈ కార్డు అసలు సరిపోదు. అందుకే అడుగున షీటు సవరించిన తేదీ ఉంది. కొత్త డబ్బా వచ్చినప్పుడల్లా స్టోర్ కీపరు షీటు మూడో భాగంలోని రెండు నంబర్లు, శాతాలు, ఆ తేదీ సరిచూసి సంతకం పెట్టాకే డబ్బా లోపలికి వెళుతుంది.

కార్డు మొత్తంలో చేత్తో రాసిన వరస ఒక్కటే ఉంది. లామినేషన్ మీద మార్కరుతో రాసి, తుడిచి, మళ్లీ రాసిన జాడలు కనిపిస్తాయి. అది జెల్ ట్యూబుల గడువు తేదీ. నేను వెళ్లిన రోజు ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉంది. కొత్త ట్యూబులకు ఆర్డరు మాత్రం అప్పటికే వెళ్లింది.